#5B3A4A అంటే ఏ రంగు? హెక్స్ విలువకు నలుగురికీ తెలిసిన పేరు వెతకడం ఎలా

చీర ఫొటో మీద కలర్ పికర్ పెట్టి నొక్కితే #5B3A4A అని వచ్చింది. అమ్మకం పేజీలో రంగు అనే గడిలో దాన్ని అలాగే రాస్తే కొనేవాళ్లకు ఏమీ తెలియదు. నెట్‌లో దొరికే "దగ్గరి రంగు పేరు" పరికరాల్లో చాలా వాటికి ఈ విలువ ఇస్తే `darkslategray` అంటాయి. అది ఆకుపచ్చ, నీలం కలిసిన పలక రంగు. మన చీరలో ఆకుపచ్చ ఛాయ ఎక్కడా లేదు. పరికరం లెక్క తప్పలేదు, లెక్కలోకి తీసుకున్న వస్తువులే తప్పు. ఎక్కడ తప్పిందో ఈ ఒక్క విలువను పట్టుకునే చూద్దాం, చివరికి దానికి ఒక పేరు పెడదాం.

ముందు కంటితో చదవండి

హెక్స్‌లో ఆరు అక్షరాలుంటాయి. రెండేసి చొప్పున ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ప్రతి జతా 00 నుంచి FF వరకు, అంటే 0 నుంచి 255 వరకు. 5B అంటే 5×16+11, అంటే 91. అలాగే 3A అంటే 58, 4A అంటే 74. కానీ మొదటి చూపులో ఈ గుణకారం కూడా అక్కర్లేదు. ప్రతి జతలో మొదటి అక్షరం చాలు: 5, 3, 4.

ఈ మూడింటినీ మూడు ప్రశ్నలు అడగండి. మూడూ చిన్నవేనా? F దాకా వెళ్లే కొలతలో 5, 3, 4 చిన్నవే కాబట్టి ఇది ముదురు రంగు. పెద్దదానికీ చిన్నదానికీ తేడా ఎంత? రెండే, కాబట్టి ఇది నిగారింపు లేని మసక రంగు. మూడోది అసలు కీలకం: అన్నింటికంటే తక్కువ ఏది? ఆకుపచ్చ తక్కువైతే రంగు గులాబీ, వైన్, వంకాయ వైపు ఉంటుంది. నీలం తక్కువైతే నారింజ, పసుపు, గోధుమ, మెహందీ వైపు. ఎరుపు తక్కువైతే ఆకుపచ్చ, నెమలికంఠం, ఆకాశనీలం వైపు. మన విలువలో ఆకుపచ్చ తక్కువ, ఎరుపు ఎక్కువ, నీలం మధ్యలో. అంటే వైన్‌కూ వంకాయకూ నడుమ ఎక్కడో ఉన్న ముదురు, మసక రంగు.

ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాత ఏ పరికరం ఏ పేరు చెప్పినా దీనితో సరిచూడాలి. `darkslategray` విలువ #2F4F4F. మొదటి అక్షరాలు 2, 4, 4, అంటే అక్కడ ఎరుపు తక్కువ. కుటుంబమే వేరు. అక్కడితోనే దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

చేతికొచ్చింది నిజంగా ఆరు అక్షరాల విలువేనా

మూడక్షరాలే ఉంటే ప్రతిదాన్నీ రెండుసార్లు రాయాలి: #C4E అంటే #CC44EE. పక్కన సున్నాలు చేర్చకూడదు.

ఎనిమిది అక్షరాలుంటే ఇంకా జాగ్రత్త. వెబ్‌లో పారదర్శకత చివరి జతలో ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో మొదటి జతలో. #80FF0000 అనేది ఆండ్రాయిడ్ ఫైల్ నుంచి వస్తే సగం పారదర్శకమైన ఎరుపు. దాన్నే వెబ్ విలువ అనుకుంటే అసలు కనిపించని ఒక చిలకపచ్చ. పారదర్శకత ఉన్న రంగుకు సొంతంగా పేరు ఉండదు, వెనక ఏముంటే దానితో కలిసే కనిపిస్తుంది. ఆ సగం ఎరుపును తెల్ల కాగితం మీద వేస్తే సుమారు #FF7F7F, గులాబీ. పేరు పెట్టాల్సింది ఆ గులాబీకి. ఎక్సెల్ మాక్రోల నుంచి తెచ్చిన సంఖ్య అయితే వరుస తిరగబడి ఉంటుంది: నీలం ముందు, ఎరుపు చివర. ఎరుపు గడి నీలం అని వస్తోందంటే కారణం సాధారణంగా ఇదే.

మామూలు దూరం ఎందుకు తప్పుతుంది

చాలా పరికరాలు చేసేది ఒకటే. మూడు సంఖ్యలనూ గదిలో ఒక చుక్క ఉన్న చోటులా భావించి, వెబ్‌లో వాడే రంగు పేర్ల జాబితాలోని ప్రతి చుక్కకూ దూరం కొలుస్తాయి. తేడాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తాయి. మన 91, 58, 74 నుంచి `darkslategray` అయిన 47, 79, 79కి తేడాలు 44, 21, 5. దూరం 49. రెండో స్థానం `darkolivegreen`, దూరం 56. మూడోది `dimgray`, 58. వైన్ ఛాయ ఉన్న చీరకు మొదటి రెండు పేర్లూ ఆకుపచ్చవే!

కారణం ఏమిటంటే కంటికి ఈ మూడు సంఖ్యలూ సమానం కావు. పైగా వెలుగు, ఛాయ, నిగారింపు అనేవి ఈ సంఖ్యల్లో విడివిడిగా ఉండవు, కలగాపులగంగా ఉంటాయి. వెలుగు దాదాపు ఒకటే అయి ఛాయ పూర్తిగా మారిన రెండు ముదురు రంగులు ఈ లెక్కలో దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. ముదురు రంగుల్లో ఈ తప్పు ఎక్కువ, ఎందుకంటే అక్కడ సంఖ్యలన్నీ ఒక మూలన ఇరుకుగా ఉంటాయి.

అందుకే దూరం కొలిచే ముందు విలువను ల్యాబ్ అనే కొలతలోకి మార్చాలి. అందులోనూ మూడు సంఖ్యలే ఉంటాయి కానీ అర్థాలు వేరు. మొదటిది వెలుగు, 0 నలుపు, 100 తెలుపు. రెండోది ప్లస్ అయితే ఎరుపు వైపు, మైనస్ అయితే ఆకుపచ్చ వైపు. మూడోది ప్లస్ అయితే పసుపు, మైనస్ అయితే నీలం. మన #5B3A4A ల్యాబ్‌లో సుమారు 29, 17, −4. `darkslategray` సుమారు 31, −12, −4. వెలుగు ఒకటే, నీలం ఛాయ ఒకటే. ఎరుపు–ఆకుపచ్చ గీత మీద మాత్రం చెరో చివర ఉన్నాయి. కంటికి కనిపించేది ఇక్కడ సంఖ్యల్లోకి వచ్చింది.

చేత్తో చేసేంత చిన్న లెక్క కాదు గనక పైథాన్‌లో ఇలా:

```python
import math

def lab(h):
    h = h.lstrip("#")
    c = [int(h[i:i+2], 16) / 255 for i in (0, 2, 4)]
    r, g, b = [v/12.92 if v <= 0.04045
               else ((v+0.055)/1.055)**2.4 for v in c]
    x = (0.4124*r + 0.3576*g + 0.1805*b) / 0.9505
    y = 0.2126*r + 0.7152*g + 0.0722*b
    z = (0.0193*r + 0.1192*g + 0.9505*b) / 1.089
    f = lambda t: t**(1/3) if t > 0.008856 else 7.787*t + 16/116
    return 116*f(y)-16, 500*(f(x)-f(y)), 200*(f(y)-f(z))

def nearest(h, names):
    p = lab(h)
    return sorted((math.dist(p, lab(v)), n)
                  for n, v in names.items())[:3]
```

`math.dist` పైథాన్ 3.8 నుంచి ఉంది. 2.4 ఘాతం ఉన్న మార్పిడి చేయకుండా `r, g, b = c` అని రాసినా కోడ్ నడుస్తుంది, జవాబులు మాత్రం ముదురు రంగుల్లో నిశ్శబ్దంగా తప్పుతాయి. సరిగ్గా రాశారో లేదో తెలుసుకోవడానికి #FFFFFF ఇచ్చి చూడండి. దాదాపు 100, 0, 0 రావాలి. #808080కి మొదటి సంఖ్య 53.6 దగ్గర రావాలి. 76 దగ్గర వచ్చిందంటే ఆ మార్పిడి జరగలేదు.

దూరం సరిచేసినా జాబితా సరిపోదు

ఇప్పుడు అదే వెబ్ పేర్ల జాబితాతో ల్యాబ్ దూరం కొలిస్తే `dimgray` ముందుకొస్తుంది, దూరం 23.6. `darkslategray` 29కి వెనక్కి వెళ్తుంది. ఆకుపచ్చ పోయింది, మంచిదే. కానీ బూడిద రంగు కూడా జవాబు కాదు.

ఇక్కడ చూడాల్సింది పేరును కాదు, దాని పక్కనున్న దూరాన్ని. ల్యాబ్‌లో రెండు మూడు పాయింట్ల తేడా అంటే రెండు ముక్కలు పక్కపక్కన పెడితే గానీ కనిపెట్టలేనిది. పేర్ల పనికి ఈ హద్దులు పెట్టుకోండి: దూరం 10 లోపు ఉంటే పేరు అలాగే వాడొచ్చు. 10–20 మధ్య ఉంటే పేరు ముందు ఒక విశేషణం కావాలి. 20 దాటితే ఆ జాబితాలో మీ రంగుకు పేరు లేదన్నమాట. ఇవి శాస్త్రం రాసిన గీతలు కావు, పని జరగడానికి గీసుకున్నవి. ఐదు అటూ ఇటూ జరుపుకోవచ్చు. కానీ హద్దే లేని పరికరాన్ని నమ్మకూడదు. "అన్నింటికంటే దగ్గర" అని అది ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతుంది. పక్క ఊరు యాభై కిలోమీటర్లున్నా పక్క ఊరే కదా.

వెబ్ జాబితాకు ఇంకొన్ని గుణాలున్నాయి. అందులో 148 పేర్లున్నా వేర్వేరు రంగులు 139 మాత్రమే. `aqua`, `cyan` ఒకటే. `fuchsia`, `magenta` ఒకటే. బూడిద రంగుల పేర్లన్నీ రెండు స్పెల్లింగులతో ఉంటాయి. కళ్లు మూసుకుని అనువదిస్తే మునిగేది మాత్రం `darkgray` దగ్గర. దాని విలువ #A9A9A9, మామూలు `gray` విలువ #808080. అంటే "ముదురు బూడిద" అన్నదే లేతగా ఉంటుంది! పాత హెచ్‌టీఎంఎల్ 16 రంగుల నుంచి ఒకటి, ఎక్స్11 జాబితా నుంచి ఇంకొకటి తెచ్చి కలపడం వల్ల వచ్చిన తిరకాసు ఇది. `green` కూడా అంతే: వెబ్‌లో అది #008000, ముదురు ఆకుపచ్చ. వెలిగిపోయే #00FF00కి అక్కడ పేరు `lime`. తెలుగులో దాన్ని "నిమ్మ రంగు" అంటే చదివేవాళ్లు పసుపు అనుకుంటారు.

మీ జాబితా మీరే రాసుకోండి

మన దగ్గర పేర్లకు కరువు లేదు. నేరేడు, ఉల్లిపొర, కనకాంబరం, మావిచిగురు, చిలకపచ్చ, నెమలికంఠం, గంధం, ఇటుక, కాఫీపొడి, ముక్కుపొడి, రాణి పింక్, మెరూన్, నేవీ బ్లూ. బట్టల కొట్లో అడిగితే వెంటనే తీసి చూపించే పేర్లివి. ముప్పై నలభై ఏరుకుని, ఒక్కోదానికి ఒక్కో హెక్స్ కేటాయించండి. ఆ హెక్స్ నెట్‌లో వెతికి తేవద్దు. తెర మీద రంగు జరుపుతూ, "ఇదే నేరేడు" అని ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్న చోట ఆపండి.

రెండు అర్థాలున్న పేర్లను మాత్రం తీసేయండి. "పచ్చ" ఒక్కటే రాయకూడదు. పచ్చకామెర్లలో అది పసుపు, చిలకపచ్చలో ఆకుపచ్చ. "గోరింటాకు రంగు" అంటే ఒకరికి ఆకు, ఇంకొకరికి పండిన చెయ్యి. ఆకును ఉద్దేశిస్తే మెహందీ గ్రీన్ అంటేనే కొట్లో అర్థమవుతుంది.

మన విలువ చుట్టుపక్కల ఉండే ఆరు పేర్లతో చూద్దాం:

```python
names = {
  "నేరేడు రంగు": "#4A2545", "వైన్ రంగు": "#722F37",
  "వంకాయ రంగు": "#5C2A6B", "మెరూన్": "#800000",
  "కాఫీపొడి రంగు": "#4A2C1A", "ముదురు బూడిద": "#555555",
}
print(nearest("#5B3A4A", names))
```

నేరేడు 13, వైన్ 18.8, ముదురు బూడిద 19.2 వస్తాయి. మొదట రాసిపెట్టుకున్న వాక్యం గుర్తుందిగా: వైన్‌కూ వంకాయకూ నడుమ, ముదురు, మసక. నేరేడు అందులో చక్కగా కూర్చుంది. మొదటి మూడింటినీ చూడమనేది ఇందుకే. రెండో పేరు ఛాయ ఎటు మొగ్గిందో చెబుతోంది, మూడోది నిగారింపు ఎంత తగ్గిందో చెబుతోంది.

విశేషణం లెక్కలోనే ఉంది

దూరం 13 కాబట్టి "నేరేడు" ఒక్కటే చాలదు. ఏ విశేషణం చేర్చాలో ఊహించనక్కర్లేదు, రెండు విలువల్నీ ల్యాబ్‌లో పక్కపక్కన పెడితే చాలు. జాబితాలోని నేరేడు 21, 23, −13. మనది 29, 17, −4.

వెలుగు ఎనిమిది ఎక్కువ, అంటే మనది కొంచెం లేత. తర్వాత నిగారింపు: రెండు, మూడు సంఖ్యల వర్గాలు కూడి మూలం తీస్తే నేరేడుకు 26, మనదానికి 18 దాకా వస్తుంది. నిగారింపు తగ్గింది. వెలుగు పెరిగి నిగారింపు తగ్గితే తెలుగులో దానికి సిద్ధంగా ఒక మాట ఉంది: వెలిసిన. వెలుగు పెరిగినా నిగారింపు అలాగే ఉంటే "లేత" అంటాం. వెలుగు తగ్గితే "ముదురు". వెలుగు మారకుండా నిగారింపు మాత్రమే తగ్గితే "మసక". పెరిగితే "నిండు". ఇక నీలం −13 నుంచి −4కి తగ్గింది కాబట్టి ఛాయ కాస్త ఎరుపు వైపు జరిగింది, రెండో పేరుగా వైన్ రావడం అందుకే.

కాబట్టి #5B3A4A అంటే కాస్త వెలిసిన నేరేడు రంగు, కొంచెం వైన్ ఛాయతో. కొత్త చీర మీద "వెలిసిన" అని రాస్తే అమ్మకం దెబ్బతింటుందంటే "మసక నేరేడు" అనండి, పెద్ద తప్పేం కాదు. విశేషణం ఒకటి, ఛాయ ఒకటి, అంతకు మించవద్దు.

ఛాయ కోణం చూసి మోసపోవద్దు

కొందరు ల్యాబ్ జోలికి పోకుండా, పికర్ చూపించే హెచ్ఎస్ఎల్ సంఖ్యల్లోని కోణంతోనే పేరు పెడతారు: 0 ఎరుపు, 60 పసుపు, 120 ఆకుపచ్చ, ఇలా. నిగారింపు ఉన్న రంగులకు అది పనిచేస్తుంది. కానీ #FFFF00, #808000 రెండింటికీ కోణం 60 డిగ్రీలే. మొదటిది పసుపు, రెండోదాన్ని చూసి పసుపు అనేవాళ్లు ఉండరు, మెహందీ గ్రీన్ అంటారు. గోధుమ రంగుకైతే రంగుల చక్రం మీద సొంత చోటే లేదు, అది చీకటి పడిన నారింజ. ఎరుపు లేతబడితే గులాబీ. అంటే పేరు మారేది కోణం వల్లే కాదు, వెలుగు వల్ల కూడా.

అక్కడ కనిపించే సాచురేషన్ శాతం ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. #FFFEFE తెలుపే, అందులో ఎరుపు ఎవరి కంటికీ కనిపించదు. దానికి హెచ్ఎస్ఎల్ సాచురేషన్ 100 శాతం! బాగా లేత, బాగా ముదురు చివరల్లో ఆ సూత్రం చిన్న సంఖ్యను చిన్న సంఖ్యతో భాగిస్తుంది కాబట్టి ఇలా అవుతుంది. ఏది బూడిద, ఏది తెలుపు అని తేల్చడానికి ఇంతకుముందు వర్గమూలం తీసిన నిగారింపు సంఖ్యే వాడండి. అది 5 లోపు ఉంటే ఛాయ పేరు ఎత్తకుండా తెలుపు, బూడిద, నలుపుల్లో ఒకటి అనేయొచ్చు.

ల్యాబ్‌కూ ఒక బలహీనత ఉంది, నిండు నీలాల్లో. అక్కడ అది దూరాలను పెంచి చూపిస్తుంది, నీలాన్ని ఊదా వైపు లాగుతుంది కూడా. మీ జాబితాలో రాయల్ బ్లూ, నేవీ బ్లూ లాంటివి ఎక్కువగా ఉండి, నీలాలకు వంకాయ అని వస్తోంటే, 2020లో వచ్చిన ఓకేల్యాబ్ కొలతకు మారండి. పద్ధతి ఇదే, మార్పిడి సంఖ్యలు వేరు. హద్దులు మాత్రం మళ్లీ పెట్టుకోవాలి, అందులో వెలుగు 0 నుంచి 1 వరకే ఉంటుంది.

హెక్స్ ఎక్కడి నుంచి తీశారు

పేరు ఎంత జాగ్రత్తగా వెతికినా, తీసిన విలువే తప్పయితే ఫలితం ఉండదు. ఒక్క పిక్సెల్ మీద నొక్కితే జేపీజీ మచ్చో, దారం మీది మెరుపో దొరుకుతుంది. పికర్‌లో 11×11 సగటు లాంటి ఎంపిక ఉంటే అది పెట్టి, మడతలు లేని చోట, నీడా మెరుపూ కాని చోట మూడుసార్లు తీయండి. మూడింటి మధ్య ల్యాబ్ దూరం 10 దాటితే ఫొటోలో వెలుతురు సమంగా లేదని అర్థం. పసుపు బల్బు కింద తీసిన ఫొటో అయితే తెల్ల అంచు మీద కూడా ఒకసారి నొక్కండి. అక్కడే #F4E3C0 లాంటిది వస్తుంటే ముందు ఫొటోను సరిచేయాలి.

డబుల్ షేడ్ పట్టుచీర దగ్గర ఈ సగటే మోసం చేస్తుంది. పడుగు #B0182A ఎరుపు, పేక #1F6B3A ఆకుపచ్చ అనుకోండి. రెండూ సమంగా కలిస్తే సగటు #684232 దగ్గరికి వస్తుంది, అంటే గోధుమ. ఆ చీరలో గోధుమ రంగు దారం ఒక్కటీ లేదు. అలాంటి బట్టకు సగటు ఆపేసి, ఫొటోను బాగా పెద్దది చేసి రెండు దారాల మీదా విడివిడిగా నొక్కాలి. దారాలు విడిపోయేంత స్పష్టంగా ఫొటో లేకపోతే, మడత ఎత్తులో ఒకటి, పల్లంలో ఒకటి తీయాలి. రెండు విలువలకూ విడిగా పేర్లు వెతికి రెండూ రాయాలి: ఎరుపు–ఆకుపచ్చ డబుల్ షేడ్.